నుదుటి మూల, నడినెత్తి సుడి

మన దేశంలో ప్రతి మగవాడి బట్టతల చరిత్రా ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉంటుంది. కాలేజీ ఐడీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఆధార్... వరసగా పేర్చి చూసుకుంటే చాలు. మొన్న సంక్రాంతికి నా బీరువాలోంచి అవన్నీ బయటికి తీయాల్సి వచ్చింది. కారణం మా మేనల్లుడు.

వాడికి 23 ఏళ్లు. అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్నాడు. పండక్కి తెనాలి వచ్చినవాడు వచ్చినట్టే అద్దం ముందు నిలబడి, ముంగురులు రెండు చేతులతో పైకి ఎత్తి, "మామయ్యా, ఇటు చూడు. హైదరాబాద్ బోరు నీళ్లు పోసుకుని పోసుకుని ఇలా అయింది" అన్నాడు.

"నీళ్లు తలంతా పోసుకుంటున్నావా, రెండు మూలల్లోనేనా?" అని అడిగాను.

వాడికి కోపం వచ్చింది. కానీ బట్టతల గురించి ఎవరైనా ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న అదే. ఉప్పునీళ్లకు జుట్టు బిరుసెక్కుతుంది, చిక్కు పడుతుంది, మధ్యలో తెగుతుంది. కానీ చెవుల పైన, మెడ వెనక జుట్టును దట్టంగా వదిలేసి, సరిగ్గా నుదుటి రెండు మూలల్నీ నడినెత్తినీ మాత్రమే వెతుక్కుని పలచబరిచే నీళ్లు ఎక్కడా లేవు. హెల్మెట్టూ అంతే, షాంపూ కూడా అంతే. తలంతటికీ తగిలేది తలంతటి మీదా పనిచేయాలి. మగవాళ్ల బట్టతల అలా రాదు. దానికి ఒక పటం ఉంది, ఆ పటం ప్రకారమే నడుస్తుంది.

ఐదు ఫొటోల కథ

నా మొదటి ఫొటో 1990 నాటిది, ఇంటర్మీడియట్ ఐడీ కార్డు మీద. అప్పుడు నాకు 16. నుదుటి మీద జుట్టు గుండ్రంగా, కచ్చితంగా గీత గీసినట్టు ఉంది. ఆ వయసులో కనుబొమలు పైకి ఎత్తితే నుదుటి మీద పడే ముడతల్లో అన్నిటికన్నా పైది దాదాపు జుట్టును తాకుతుంది. అది కుర్రతనపు గీత.

రెండోది 1994, డిగ్రీ ఆఖరి ఏడాది. గీత కొంచెం పైకి జరిగింది, మూలలు కాస్త లోపలికి వెళ్లాయి. అప్పట్లో నేను చూసుకుని భయపడ్డాను కూడా. అనవసరపు భయం. మగపిల్లల్లో చాలామందికి పదిహేడు నుంచి ఇరవై అయిదేళ్ల మధ్య ఈ గీత జరుగుతుంది. పై ముడత మీద వేలు అడ్డంగా పెడితే, ఆ వేలి వెడల్పు దాటాక జుట్టు మొదలైతే అది పెద్దవాళ్ల గీత. మూలలు రెండువైపులా సమానంగా కొద్దిగా పైకి పోవడం కూడా అందులో భాగమే. అక్కడికి వచ్చి ఆగిపోయేవాళ్లు ఎందరో. అది బట్టతల కాదు.

మూడోది 2001 నాటి పెళ్లి ఆల్బం. మూలలు ఆగలేదు. నుదుటి నడుమ జుట్టు ముక్కులా ముందుకు పొడుచుకుని, రెండు పక్కలా లోతైన కయ్యలు కనిపిస్తున్నాయి. పెళ్లికొడుకుని కాబట్టి బాసికం దాన్ని కొంత కప్పింది. వీడియో మాత్రం కప్పలేదు. మంగళసూత్రం కట్టడానికి నేను వంగినప్పుడు వీడియో తీసే అతను కుర్చీ ఎక్కి పైనుంచి లైటు కొట్టాడు. సుడి చుట్టూ రూపాయి బిళ్లంత మేర తల చర్మం తళుక్కుమంది. నా మాడును నేను చూడడం అదే మొదటిసారి. మగవాడి మాడుకి ఏ ప్రభుత్వ కార్డు మీదా ఫొటో ఉండదు, పెళ్లి వీడియోలో తప్ప.

నాలుగోది 2007 పాస్‌పోర్టు. నుదుటి మూలలు లోపలికి, మాడు మీద ఖాళీ బయటికి పెరుగుతూ, రెండింటి మధ్యా అడ్డంగా ఒక జుట్టు వంతెన మిగిలింది. ఐదోది 2017లో రెన్యువల్‌కి దిగింది. వంతెన సన్నబడి, అక్కడక్కడా తెగింది. ఇవాళ వంతెనే లేదు. ముందూ వెనకా కలిసిపోయి చుట్టూ గుర్రపునాడా ఆకారంలో జుట్టు మిగిలింది. నాకది అలవాటైపోయింది, మా ఆవిడకి నాకంటే ముందే అలవాటైంది.

ఈ వరస నా ఒక్కడిది కాదు. అమెరికన్ శరీరశాస్త్ర నిపుణుడు జేమ్స్ హామిల్టన్ 1951లో బట్టతల దశల్ని ఒక పట్టికగా గీశాడు. 1975లో ఓటార్ నార్వుడ్ అనే చర్మవైద్యుడు దాన్ని సవరించి ఏడు రకాలుగా స్థిరపరిచాడు. ఈనాటికీ చర్మవైద్యులు వాడేది ఆ పట్టికనే. నా డిగ్రీ ఫొటో రెండో రకం, పెళ్లి నాటిది మూడు. మూడు దగ్గరే వైద్యులు బట్టతల అన్న మాట వాడడం మొదలుపెడతారు. చెవి రంధ్రం నుంచి నెత్తి మీదుగా రెండో చెవి దాకా ఒక గీత ఊహించుకోండి. నుదుటి మూలల్లోని ఖాళీ ఆ గీతకు ముందు రెండు సెంటీమీటర్ల దూరంలో ఆగిపోతే అది రెండో రకం. దాన్ని దాటి లోపలికి చొరబడితే మూడు. మూలలు పెద్దగా కదలకుండా మాడు మీదే ముందు పలచబడే వాళ్లకి మూడులోనే ఒక ఉపరకం పెట్టారు. కొందరికి మూలలూ వంతెనా అనే తేడా ఏమీ లేకుండా, ముందు అంచు మొత్తం అలలాగా వెనక్కి పోతుంది. అదో రకం.

ఒకటి మాత్రం ఈ పట్టిక చెప్పదు. మూడు నుంచి నాలుగుకి ఎన్నేళ్లు పడుతుందన్నది ఏ పట్టికలోనూ లేదు. మూడు దగ్గరే ముప్ఫయ్యేళ్లు నిలిచిపోయినవాళ్లున్నారు, ఐదేళ్లలో ఆరుకి పరుగెత్తినవాళ్లూ ఉన్నారు. ఎంత చిన్న వయసులో మొదలైతే అంత దూరం పోయే అవకాశం ఎక్కువ. అంతకుమించి జోస్యం చెప్పేవాణ్ణి నమ్మకండి.

రాలడం కాదు, కుంచించుకుపోవడం

మా వాడు దిండు మీద వెంట్రుకలు లెక్కపెట్టుకుంటున్నాడు. చాలామంది చేసే పని అదే. నిజానికి బట్టతల మొదటి గుర్తు దిండు మీద కనపడదు. ఆరోగ్యంగా ఉన్న తల కూడా రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు వదిలేస్తుంది. ఎన్ని రాలాయన్నది కాదు చూడాల్సింది, రాలినచోట ఏం మొలిచిందన్నది.

వెంట్రుక కుదురుకి ఒక చక్రం ఉంది. తల మీద ఒక్కో కుదురు రెండు నుంచి ఆరేళ్ల పాటు ఆపకుండా వెంట్రుకను పెంచుతుంది, ఆ తర్వాత రెండు మూడు వారాల్లో పని ముగించుకుని, దాదాపు మూడు నెలలు విశ్రాంతి తీసుకుంటుంది. పాత వెంట్రుక రాలి కొత్తది మొదలవుతుంది. నెలకి ఒక సెంటీమీటరు పెరుగుతుందనుకుంటే, మూడేళ్లు పెరిగే వెంట్రుక ముప్ఫై ఆరు సెంటీమీటర్లవుతుంది. బట్టతలలో ఆ పెరిగే కాలం చక్రం చక్రానికీ తగ్గిపోతూ వస్తుంది. మూడేళ్లు ఏడాదవుతుంది, ఏడాది ఆరు నెలలవుతుంది. ఆరు నెలలే పెరిగితే ఆ వెంట్రుక ఆరు సెంటీమీటర్ల దగ్గరే రాలిపోతుంది. దాంతోపాటు కుదురు కూడా చిన్నదవుతుంది కాబట్టి, మొలిచేది సన్నగా, రంగు తగ్గి, చివరికి చేతుల మీద ఉండే నూగులా తయారవుతుంది. తల మీద కుదుళ్లు చాలాకాలం అలాగే ఉంటాయి. అవి పండించే పంట మారిపోతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. తల మీద వెంట్రుకలు చాలావరకు ఒక్కొక్కటిగా మొలవవు. వరి కుదుట్లో పిలకల్లాగా రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు కలిసి ఒకే చోటినుంచి వస్తాయి. కుంచించుకుపోవడం మొదలైనప్పుడు ఆ గుంపులో పక్క పిలకలు ముందు సన్నబడతాయి, పెద్దది ఆఖరున. అందుకే బట్టతల కనపడకముందే జుట్టు ఒత్తు తగ్గినట్టు, దువ్వితే పడుకోనట్టు, పాపిడి వెడల్పయినట్టు అనిపిస్తుంది.

దీనికి కారణం మగ హార్మోను. వృషణాలు తీసేసినవాళ్లకి బట్టతల రాదని గ్రీకు వైద్యుడు హిపొక్రటిస్ కాలంలోనే గమనించారు. హామిల్టన్ 1942లో దాన్ని రుజువు చేశాడు. యవ్వనం రాకముందే వృషణాలు కోల్పోయిన మగవాళ్లకి బట్టతల రాలేదు. వాళ్లకి టెస్టోస్టెరాన్ ఇచ్చినప్పుడు, వంశంలో బట్టతల ఉన్నవాళ్లకి అది మొదలైంది. అంటే రెండూ కావాలి, హార్మోనూ వంశమూ. తర్వాత తేలిందేమిటంటే అసలు పని చేసేది టెస్టోస్టెరాన్ నుంచి శరీరం తయారుచేసుకునే డీహెచ్‌టీ అనే మరో హార్మోను. డొమినికన్ రిపబ్లిక్‌లోని కొన్ని కుటుంబాల్లో ఆ మార్పిడి చేసే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించిన మగవాళ్లున్నారని 1974లో ప్రచురించారు. వాళ్లకి నుదుటి గీత వెనక్కి పోదు. గడ్డం కూడా పెద్దగా రాదు. ఇదే డీహెచ్‌టీ గడ్డాన్ని దట్టంగా పెంచి, నెత్తి మీద కుదుళ్లని చంపుకుతింటుంది. శరీరం వేసే ఎకసెక్కాల్లో ఇదొకటి. ఇక మెడ వెనకా చెవుల పైనా ఉన్న కుదుళ్లు ఆ హార్మోనుకి లొంగవు. అవి తీసి ముందు నాటినా అక్కడ కూడా అలాగే బతుకుతాయి. జుట్టు మార్పిడి వ్యాపారమంతా ఆ ఒక్క సంగతి మీదే నిలబడింది.

"అయితే మామయ్యా, ఇది నీ పోలికే" అన్నాడు మా వాడు. మేనమామ పోలిక అని మనవాళ్లు ఊరికే అనరు. హార్మోనుని అందుకునే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లవాడికి ఆ క్రోమోజోమ్ తల్లినుంచే వస్తుంది. కానీ లెక్క వేస్తే, మా అక్కయ్య దగ్గరున్న రెండు ఎక్స్‌లలో ఒకటి మా నాన్నది, ఒకటి మా అమ్మది. అమ్మది వాడికి రావాలి, అది నాకొచ్చిన ముక్కే అయ్యుండాలి. ఆ ఒక్క జన్యువు వరకూ మా ఇద్దరికీ పోలిక ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. మిగతా జన్యువులు వందల్లో ఉన్నాయి, అవి తండ్రి వైపు నుంచీ వస్తాయి. బావగారి నెత్తి కూడా ఒకసారి చూసి రమ్మన్నాను.

తెల్ల కాగితం పరీక్ష

నుదుటి దగ్గర మొదటి మార్పు ఖాళీ కాదు, గందరగోళం. అంచు మీద పొడుగు, పొట్టి, లావు, సన్నం వెంట్రుకలు కలగలిసిపోతాయి. మా వాడికి ఇలా చేశాం. తల తుడిచి ఆరనిచ్చి, కిటికీ పక్క వెలుతురులో, నుదుటి మూల వెంట్రుకల వెనక తెల్ల కాగితం పెట్టి చూశాం. తర్వాత అదే కాగితం చెవి పైన పెట్టాం. చెవి పైన అన్నీ ఒకే లావు, ఒకే నలుపు. మూల దగ్గర మూడు నాలుగు వెంట్రుకలకొకటి సన్నగా, గోధుమ రంగులో, చివర సూదిలా కొసదేలి ఉంది. కత్తెర పడిన వెంట్రుక కొన మొద్దుగా ఉంటుంది. సూదిమొన ఉందంటే అది ఎప్పుడూ కత్తెర దాకా ఎదగనే లేదన్నమాట. గీత ఎంత ఎత్తులో ఉంది అన్నదానికంటే ఇది నమ్మకమైన గుర్తు. పెద్దవాళ్ల గీతగా స్థిరపడిన నుదుటి మీద అంచు వెంట్రుకలు చాలావరకు వెనకవాటి లావే ఉంటాయి.

నడినెత్తి సంగతి కష్టం. అక్కడ పుట్టుకతోనే సుడి ఉంటుంది. సుడి మధ్యలో తల చర్మం కనపడడం సహజం. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లంటారు గానీ, నిజంగా వచ్చేది ఏమిటంటే ఫొటోలో రెండు చోట్ల బట్టతలలా కనపడి రెట్టింపు కంగారు. మామూలు సుడిలో చర్మం ఒక చుక్కగానో, కామా ఆకారంలో సన్నటి గీతగానో కనిపిస్తుంది. ఆ గీతని ఆనుకునే వెంట్రుకలు లావుగా ఉంటాయి. పలచబడే సుడిలో చుక్క వెడల్పై, అంచు ఎక్కడో తెలియని మసక గుండ్రమవుతుంది. లోపలి వెంట్రుకలు సన్నబడి సుడి తిరిగే దిక్కు కూడా తెలియకుండా పోతుంది. అద్దం చూపించని ఈ మార్పుని కొందరు వేరే రకంగా తెలుసుకుంటారు. తొలకరి చినుకు నేరుగా మాడు చర్మానికి తగలడం, మే నెల ఎండ ఒక్క చోట చుర్రుమనడం.

మాడు ఫొటో తీసేటప్పుడు తడి తలతో తీయొద్దు, నూనె రాసి తీయొద్దు, నెత్తి మీద లైటు కింద నిలబడొద్దు. ఈ మూడూ ఎవరికైనా బట్టతల తెప్పిస్తాయి. అదే ఫొటోలో తల వెనక భాగం కూడా పడేలా చూసుకుంటే మంచిది. రెండుచోట్లా చర్మం ఒకేలా కనిపిస్తే తప్పు లైటుది. ఒక్కచోటే కనిపిస్తే తప్పు లైటుది కాదు.

అంచు గిరి గీసినట్టు ఉండి, లోపల నున్నగా, బిళ్లలా జుట్టు పోతే అది పేనుకొరుకుడు. దానికీ దీనికీ సంబంధం లేదు. మంట, పొలుసులు, చీము, కుదుళ్లు పూడుకుపోయినట్టు మెరిసే చర్మం ఉంటే కూడా ఇది కాదు, ఆలస్యం చేయకుండా చర్మవైద్యుడికి చూపించాలి.

రెండు జబ్బులు ఒకే తలమీద

మా వాడి విషయంలో ఇంకో ముడి ఉంది. ఆ ముందు సెప్టెంబరులో వాడికి డెంగీ వచ్చింది. డిసెంబరులో స్నానం చేస్తే పిడికిళ్లతో జుట్టు రాలింది. గట్టి జ్వరం వచ్చినప్పుడు తలలో చాలా కుదుళ్లు ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. రెండు మూడు నెలల తర్వాత అవన్నీ ఒకేసారి రాలుతాయి. అది తలంతటా రాలుతుంది, దానంతటదే ఆగుతుంది, పోయిన జుట్టు తిరిగొస్తుంది. కానీ అడుగున బట్టతల మొదలై ఉంటే, ఆ పలచదనంలో అది బయటపడుతుంది.

గుంటూరులో చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ అరవై వెంట్రుకలంత పాయను వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగింది. తొమ్మిది చేతిలోకి వచ్చాయి. పదింట ఒకటి కంటే ఎక్కువ వస్తే రాలుడు చురుగ్గా ఉన్నట్టు. తల వెనక నుంచి లాగినా అలాగే వచ్చాయి. అది జ్వరం వాటా. తర్వాత డెర్మోస్కోపు అనే లైటున్న భూతద్దం పెట్టింది. వెనక భాగంలో అన్నీ ఒకే లావు. నుదుటి మూలల్లోనూ సుడి పక్కనా లావుసన్నాల తేడా అయిదింట ఒక వంతు కంటే ఎక్కువ వెంట్రుకల్లో ఉంది, చాలా కుదుళ్లలో పిలకలు పోయి ఒక్కో వెంట్రుకే మిగిలింది. అది మనింటి వాటా. "రెండూ ఉన్నాయి బాబూ. మొదటిది పోతుంది. రెండోది పోదు, ఆపడానికి చూడొచ్చు" అంది.

ఆపడానికి దశాబ్దాలుగా పరీక్షకు నిలిచిన మందులు రెండే. తలకి రాసే మినాక్సిడిల్, మింగే ఫినాస్టెరైడ్. మొదటిది రక్తపోటు మాత్రగా పుట్టింది, తీసుకున్నవాళ్లకి ఒంటినిండా జుట్టు మొలవడంతో 1988లో అమెరికాలో తలమందుగా అనుమతి పొందింది. రెండోది డీహెచ్‌టీ తయారీని తగ్గిస్తుంది, 1997లో ఒక మిల్లీగ్రాము మోతాదుకి అక్కడే అనుమతి వచ్చింది. కొద్దిమందిలో లైంగిక ఇబ్బందులు తెస్తుంది కాబట్టి అది మందులషాపులో అడిగి కొనుక్కునేది కాదు, వైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకునేది. రెండూ కుంచించుకుపోతున్న కుదురు మీదే బాగా పనిచేస్తాయి, నున్నగా అయిపోయిన నా నెత్తి మీద కాదు. రెండూ మానేస్తే కొన్ని నెలల్లో తల మళ్లీ తన దారి పడుతుంది.

మా వాడు మినాక్సిడిల్‌తో మొదలుపెట్టాడు. నాలుగో వారంలో ఫోను: "మామయ్యా, ఇంకా ఎక్కువ రాలుతోంది, మానేస్తున్నా." మానొద్దన్నాను. విశ్రాంతిలో ఉన్న కుదుళ్లని మందు తొందరపెట్టి లేపుతుంది, కొత్త వెంట్రుక పాతదాన్ని తోసేస్తుంది. మొదటి రెండు నెలల్లో అలా రాలడం సహజం, ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. చాలామంది సరిగ్గా ఈ నాలుగో వారంలోనే సీసా అవతల పారేస్తారు.

మా అక్కయ్య తిరుమల తీసుకెళ్లి గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందంది. మొక్కు ఉంటే తలనీలాలు ఇవ్వడం మంచిదే, అది వేరే సంగతి. కత్తి చర్మం పైన నడుస్తుంది, కుదురు లోపల ఉంటుంది. మొద్దు కొనలు గరుకుగా తగిలి ఒత్తనిపిస్తుంది, అంతే. హాస్టల్ దగ్గర ఎవరో కరపత్రం ఇచ్చారట, ఇరవై మూడేళ్లకే ముందు గీత నాటించుకోమని. అది మాత్రం గట్టిగా వద్దన్నాను. నాటిన గీత అలాగే ఉంటుంది, దాని వెనక సొంత జుట్టు పోతూనే ఉంటుంది. నలభై ఏళ్లకి నుదుటి మీద దీవిలా ఒక కుచ్చు మిగులుతుంది. దాన్ని పూడ్చడానికి తల వెనక సరుకు అపరిమితంగా ఉండదు.

ఫిబ్రవరిలో ఒక ఫొటో, ఆగస్టులో ఒక ఫొటో తీశాం. అదే కిటికీ, అదే వెలుతురు, అదే కటింగు. తలంతటా ఒత్తు తిరిగొచ్చింది, పాయ లాగితే ఒకటో రెండో వస్తున్నాయి. నుదుటి మూలలు నిండలేదు, లోపలికీ పోలేదు. సుడి దగ్గర మసక కొంచెం తగ్గింది.

ఇదంతా అయ్యాక మా వీధి సెలూన్ అతనితో చెప్పాను, పిల్లాడి మాడు పలచబడిందని. అతను కత్తెర ఆపకుండానే, "రెండేళ్ల కిందటే చూశాను సార్, మీరు అడగలేదు కదా" అన్నాడు. నా సంగతి కూడా పెళ్లికి ముందే తెలుసట. నెలకోసారి మన నెత్తిని పైనుంచి చూసే మనిషి అతనొక్కడే, మర్యాద కోసం నోరెత్తడు. ఈసారి కటింగుకి వెళ్లినప్పుడు మీరే అడగండి.